మొదటి జీతం వాళ్ళ కోసం బడ్జెట్ యాప్: పేజీ పైన ఏం రాయాలి?

ఈ మధ్య ఒక బడ్జెట్ యాప్ కోసం సిద్ధం చేసిన ల్యాండింగ్ పేజీ ముసాయిదా చదివాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళ కోసం విశాఖలో చిన్న బృందం ఒకటి తయారుచేస్తున్న యాప్ అది. పేజీ పైన పెద్ద అక్షరాల్లో "మీ ఆర్థిక స్వేచ్ఛకు తొలి అడుగు" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "స్మార్ట్‌గా ఖర్చు చేయండి, మరింత ఆదా చేయండి, మీ కలలను నిజం చేసుకోండి" అని ఉంది. తెలుగులో తప్పేమీ లేదు. కానీ ఇవే రెండు వాక్యాలను జీవిత బీమా పేజీ మీద పెట్టినా, చిట్ ఫండ్ పేజీ మీద పెట్టినా, షేర్లు కొనిపించే యాప్ మీద పెట్టినా సరిపోతాయి. అంటే ఈ యాప్ ఏం చేస్తుందో ఆ రెండు వాక్యాల్లో ఎక్కడా లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి జీతం వాళ్ళ యాప్‌కి పేజీ పైన ఆదా గురించి రాయకూడదు. నెలలో కట్టాల్సినవన్నీ పోగా రోజు ఖర్చుకు ఎంత మిగులుతుందన్న ఒక్క ప్రశ్న గురించే రాయాలి. దాని కింద వాక్యం, యాప్ ఆ లెక్క ఎలా వేస్తుందో, మన దగ్గర ఏం అడుగుతుందో, ఏం అడగదో చెప్పాలి. ఎందుకంటానంటే, చదివేవాడి నెల ఎలా గడుస్తుందో ఒకసారి లెక్కవేసి చూస్తే వేరే దారి కనిపించదు.

చదివేవాడి నెల

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రుషికొండ ఐటీ కొండ మీద ఒక కంపెనీలో చేరిన కుర్రాణ్ణి తీసుకుందాం. ఆఫర్ లెటర్లో ఏడాదికి 3,60,000 సీటీసీ అని రాసుంటుంది. అతను, ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు అందరూ దాన్ని 12తో భాగించి "నెలకు 30 వేలు" అనుకుంటారు. బేసిక్ 15,000 అనుకుంటే, కంపెనీ తరఫున కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే 720 చిల్లర ఆ 30 వేలలోనే ఉంటాయి. అవి పోగా మిగిలిన 27,500లోంచి అతని వంతు పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 కోస్తారు. మన రాష్ట్రంలో నెల జీతం 20 వేలు దాటితే వృత్తి పన్ను 200. చివరికి ఖాతాలో పడేది 25,500కి అటూఇటూగా ఉంటుంది. సీటీసీలో వేరియబుల్ పే కూడా కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది.

మొదటి నెల ఇదీ రాదు. 11వ తేదీన చేరితే 30 రోజుల నెలలో 20 రోజుల జీతమే, అంటే 17 వేల దగ్గర పడుతుంది. నెలాఖరుకి దగ్గర్లో చేరితే ఆ నెల జీతాల లెక్క అప్పటికే మూసేసి ఉంటారు కాబట్టి అసలు పడదు, వచ్చే నెలతో కలిపి ఇస్తారు. ఈలోగా హాస్టల్ అడ్వాన్సు, రెండు జతల బట్టలు, ఆఫీసు బూట్లు అన్నీ ఇంటి డబ్బుతోనో స్నేహితుడి దగ్గర చేబదులుతోనో గడుస్తాయి. కాబట్టి పేజీ తెరిచేసరికి అతనికి పొదుపు చేసే పరిస్థితి లేదు. చేతికి రావాల్సిన దానికీ వచ్చినదానికీ తేడా ఎక్కడ పోయిందో అర్థం కాక వెతుకుతూ ఉంటాడు.

రెండో నెల పూర్తి జీతం పడింది. 25,500. మధురవాడలో భోజనంతో కలిపి షేరింగ్ హాస్టల్‌కి 7,500, ఇంటికి 6,000, ఫోన్ వాయిదా 1,500, పెట్రోలు, రీఛార్జీ కలిపి 2,000 అనుకుందాం. మొత్తం 17,000. మిగిలింది 8,500. పండక్కో, జ్వరానికో 1,500 పక్కన పెట్టుకుంటే 7,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 233.

కానీ మూడో తేదీన అతను ఫోన్లో యూపీఐ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూస్తే 25,500 కనిపిస్తుంది. హాస్టల్ డబ్బు ఐదో తేదీన, ఇంటికి పంపేది పదో తేదీ లోపల, వాయిదా ఏడున వెళ్తాయి. అవి వెళ్ళేదాకా ఖాతా అతనికి ఉన్నదానికి మూడు రెట్లు చూపిస్తుంది. ఆ వారంలోనే స్నేహితులకు మొదటి జీతం పార్టీ, అమ్మకు చీర, కొత్త ఇయర్‌ఫోన్లు. నెల చివర డబ్బు చాలకపోవడానికి కారణం నెల చివర ఖర్చులు కావు. మొదటి వారంలో అతను చూసిన అంకె తప్పు.

ఆ యాప్ చేసే అసలు పని ఈ తప్పు అంకె స్థానంలో సరైన అంకెను పెట్టడం. మొదటి రోజు 233 చూపిస్తుంది. పన్నెండో తేదీ రాత్రికి అతను 4,200 ఖర్చు పెట్టేస్తే, మిగిలిన 2,800ని మిగిలిన 18 రోజులకు పంచి 155 చూపిస్తుంది. 233 నుంచి 155కి దిగిందని పన్నెండో తేదీనే తెలిస్తే ఇంకా పద్దెనిమిది రోజులు సర్దుకోవచ్చు. ఇరవై ఆరో తేదీన తెలిస్తే అప్పు చేయడం తప్ప ఏమీ చేయలేడు. బ్యాంకు బ్యాలెన్స్ చెప్పనిదీ, ఈ యాప్ చెప్పేదీ ఇదొక్కటే. పేజీ పైన రాయాల్సిందీ అదే.

ఆదా అన్న మాట ఎందుకు వద్దంటున్నాను

దీనికి ఎదురుగా గట్టి వాదనే ఉంది. బడ్జెట్ యాప్ వాడేది చివరికి డబ్బు మిగుల్చుకోడానికేగా, మరి ఆ ఫలితాన్నే చెప్పకుండా మధ్యలో ఒక అంకె గురించి చెప్పడం ఎందుకు అంటారు. వాడేవాడికి కావాల్సింది ఫలితం అన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఆ ఫలితం యాప్ చేతిలో లేదు. 25,500లో 6,000 ఇంటికి పంపేవాడికి ఒక నెల ఆదా అంటే ఆ 1,500 ముట్టుకోకుండా ఉండటమే. "మరింత ఆదా చేయండి" అన్న వాక్యం అతను ఇంటికి పంపేదాన్ని ఖర్చుల ఖాతాలో వేసి, దాన్నీ తగ్గించమన్నట్టు వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో మొదటి ఉద్యోగం చేసే పిల్లలు పంపే డబ్బు చెల్లెలి కాలేజీ ఫీజుకో, ఊళ్ళో ఇంటి అప్పుకో పోతుంది. అది వాళ్ళు తగ్గించుకోగల ఖర్చు కాదు, తగ్గించాలని అనుకోరు కూడా. అందుకే శీర్షికలో దాన్ని అద్దెతో సమానంగా, ముందే పోయే డబ్బుగా చూపించాలి. ఆ ఒక్క మాటతో, ఈ యాప్ చేసినవాళ్ళకు మన సంగతి తెలుసు అని చదివేవాడికి అనిపిస్తుంది.

ఇక "నెలకు 5,000 ఆదా" లాంటి అంకెలు వేయడం ఇంకా ప్రమాదం. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో చెప్పిన మాటకు ఆధారం చూపించగలగాలి. కొత్త యాప్ దగ్గర అలాంటి ఆధారం ఉండదు. రోజుకు ఎంత మిగులుతుందో చూపిస్తాం అన్న మాటకు మాత్రం ఆధారం యాప్ లోపలే ఉంది. తెరిచిన రెండు నిమిషాల్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

భయపెట్టే శీర్షికల గురించి కూడా ఒక మాట. "జీతం పదో తేదీకే అయిపోతోందా?" లాంటివి చూడగానే ఆగేలా చేస్తాయి, నిజమే. కానీ మొదటి జీతం అందుకున్నవాడు అప్పటికే ఇంట్లో ఆ మాట వింటూ ఉంటాడు. యాప్ కూడా అదే గొంతుతో మాట్లాడితే తిట్టినట్టు ఉంటుంది తప్ప, తెరిచి చూద్దామనిపించదు. పైగా పదో తేదీకి అయిపోనివాళ్ళు, అంటే జాగ్రత్తగా ఉంటూ లెక్క మాత్రం సరిగ్గా తెలియనివాళ్ళు, ఇది నా కోసం కాదనుకుని వెళ్ళిపోతారు. యాప్‌ని రోజూ తెరిచి వాడే అవకాశం ఎక్కువ ఉన్నది వాళ్ళకే.

శీర్షిక

పైన చెప్పిన లెక్కంతా ఒక్క వాక్యంలోకి తేవాలి. మొదట రాసుకోదగ్గ రూపం ఇది: "కట్టాల్సినవన్నీ పోగా ఈ నెల ఎంత ఖర్చుపెట్టుకోవచ్చో తెలుసుకోండి." విషయం ఉంది కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి పొడవు. రెండోది, "కట్టాల్సినవన్నీ" అనగానే కళ్ళకు ఏమీ కనబడదు. అద్దె అంటే కనబడుతుంది, ఇంటికి పంపేది అంటే కనబడుతుంది.

"ఈ నెల" అన్నదాన్ని "రోజు" చేయడం చిన్న మార్పులా ఉన్నా, దాంతోనే చాలా తేడా వస్తుంది. నెలకు 7,000 అంటే చాలా డబ్బులా ఉంటుంది, 900 బిల్లు దాని ముందు చిన్నదే. రోజుకు 233 అంటే ఆ 900 దాదాపు నాలుగు రోజుల ఖర్చు. యాప్ చూపించేది రోజు అంకె అయినప్పుడు శీర్షిక కూడా రోజు గురించే మాట్లాడాలి. లేకపోతే పేజీ ఒకటి చెప్పి యాప్ ఇంకోటి చూపించినట్టవుతుంది.

ఇలా చెక్కుకుంటూ వస్తే నాకు సరైనదిగా కనిపించినది:

అద్దె, ఇంటికి పంపేది పోగా రోజు ఖర్చుకు మిగిలేదెంత?

దీని మీద నాకున్న అనుమానం గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో అమ్మానాన్నలతో ఉంటూ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ గురించి. వాళ్ళకు అద్దె లేదు, ఇంటికి పంపేదీ లేదు, ఇంట్లో ఇచ్చేది ఉంటుంది. వాళ్ళకు ఈ శీర్షిక పరాయిదనిపించవచ్చు. అందరికీ సరిపోవాలని "కట్టాల్సినవన్నీ" దగ్గరికే వెనక్కి వెళ్ళడం కంటే, ముందు ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకోవడం మంచిది. బయటి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళకే డబ్బు చిక్కు ఎక్కువ. ఇంట్లో ఉండేవాళ్ళ కోసం వేరే ప్రకటన పెడితే, దాన్ని నొక్కి వచ్చేవాళ్ళకు "ఇంట్లో ఇచ్చేది, బండి ఈఎంఐ పోగా" అని మొదలయ్యే రెండో పేజీ చూపించవచ్చు. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళ సంగతి ఇంకో రకం. ఓవర్‌టైమ్‌ని బట్టి నెలనెలా జీతం మారుతుంది కాబట్టి, జీతం అంకె ప్రతి నెలా మార్చుకునే వీలు యాప్‌లో లేకపోతే వాళ్ళకు ఈ వాగ్దానమే చేయకూడదు.

పిలుపు గురించి కూడా ఆలోచించాలి. ఇరవై రెండేళ్ళ వాడితో "నీ జీతం" అంటే దగ్గరితనం వస్తుందని కొందరు, డబ్బు విషయంలో ముక్కూమొహం తెలియని యాప్ "నీ" అంటే చనువు తీసుకున్నట్టుంటుందని కొందరు అంటారు. నేను రెండో పక్షం. అయితే పై శీర్షికలో నీ, మీ రెండూ లేవు, అవసరమూ పడలేదు. తెలుగు వాక్యం అవి లేకుండానే నిలబడుతుంది. కింది వాక్యాల్లో తప్పనిసరైన చోట "మీరు" అంటే చాలు.

కింది వాక్యం

శీర్షిక ప్రశ్న వేసింది కాబట్టి కింది వాక్యం జవాబు వచ్చే దారి చెప్పాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, శీర్షికలో చెప్పినదాన్నే వేరే మాటల్లో మళ్ళీ చెప్పడం. ఉన్నవి రెండు మూడు వరుసలు. వాటిలో చదివేవాడికి వచ్చే అనుమానాలు తీర్చాలి. నాకు తెలిసి అవి మూడు: ఇది నాకేనా, నేనేం చేయాలి, నా డబ్బుకూ నా ఫోన్‌కూ ఏమైనా అవుతుందా.

మూడోది అన్నిటికంటే పెద్దది. డబ్బు యాప్ అనగానే ఇక్కడి కుర్రాళ్ళకు ముందు గుర్తొచ్చేది లోన్ యాప్. ఫోన్లోని నంబర్లన్నీ తీసుకుని, వాయిదా ఆలస్యమైతే బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌ల సంగతి అందరూ విన్నారు. బడ్జెట్ యాప్ తెరవగానే మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే ఆ భయమే లేస్తుంది. అందుకే "సురక్షితం", "నమ్మకమైనది" లాంటి మాటల వల్ల ఉపయోగం లేదు, లోన్ యాప్‌లు కూడా అవే రాస్తాయి. ఏం చేయదో పేరు పెట్టి చెప్పాలి: అప్పులివ్వదు, బ్యాంకు పాస్‌వర్డ్ గానీ యూపీఐ పిన్ గానీ అడగదు. అయితే ఈ మాట ఇవాళ నిజమైతే సరిపోదు. ఆరు నెలల తర్వాత ఆదాయం కోసం ఆ యాప్‌లోనే అప్పుల ప్రకటన పెట్టాలనే ఆలోచన బృందానికి ఉంటే, ఈ వాక్యం రాయకూడదు. రాసే ముందు యజమానిని అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

రెండో అనుమానం దగ్గర అబద్ధం తేలిగ్గా దొర్లుతుంది. "జీతం ఒకసారి రాస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అని రాయాలనిపిస్తుంది. జీతం, అద్దె, ఈఎంఐ ఒకసారి రాస్తే చాలన్నది నిజం. కానీ రోజూ పెట్టిన ఖర్చు ఎవరు రాస్తారు? యాప్ బ్యాంకు మెసేజ్‌లు చదివి లెక్కేస్తుందంటే, రెండు చోట్ల లెక్క తప్పుతుంది. నగదుగా ఇచ్చింది దానికి తెలియదు, షేర్ ఆటోకి ఇచ్చిన ఇరవై రూపాయలు, టిఫిన్ బండి దగ్గర ఇచ్చిన నలభై అందులోకి రావు. అలాగే చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులకు మెసేజ్ పంపడం కొన్ని బ్యాంకులు మానేశాయి. టీ, టిఫిన్, బస్సు, జిరాక్సు లాంటి చిన్న ఖర్చులన్నీ అలా జారిపోతే యాప్ 233 చూపిస్తున్నప్పుడు నిజానికి 180 ఉండొచ్చు. "మొత్తం మేమే చూసుకుంటాం" అన్న వాగ్దానం నమ్మినవాడు వారంలో ఈ తేడా గమనించి యాప్ తీసేస్తాడు. ఖర్చు మీరే రాయాలి అని ముందే చెబితే డౌన్‌లోడ్లు కొన్ని తగ్గుతాయి, నిజమే. కానీ వచ్చినవాళ్ళు ఏం చేయాలో తెలిసి వస్తారు.

వీటన్నిటినీ పెట్టుకుంటే కింది వాక్యం ఇలా తేలింది:

*మొదటి ఉద్యోగం చేస్తున్నవాళ్ళ కోసం. రోజు ఖర్చు మీరు రాయండి, నెలాఖరు దాకా రోజుకు ఎంతుందో ఇది చూపిస్తుంది. అప్పులివ్వదు, బ్యాంకు పాస్‌వర్డ్ అడగదు.*

ఉచితమా కాదా అన్నది ఇందులో లేదు. అది కింద ఉండే బటన్ మీద ఉంటే చాలు: "ఉచితంగా మొదలుపెట్టండి". కొన్నాళ్ళ తర్వాత డబ్బు అడిగే యాప్ అయితే మాత్రం బటన్ కిందే ఆ సంగతి ఒక వరుసలో రాయాలి.

ఫోన్ మీద ఎలా కనిపిస్తుంది

రాసినదాన్ని ఫోన్ మీద చూడకుండా ఒప్పుకోకూడదు. ఈ పేజీని చదివేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్ మీదే చదువుతారు. 360 పిక్సెళ్ళ వెడల్పు తెర మీద రెండు వైపులా 16 పిక్సెళ్ళు వదిలితే మిగిలేది 328. శీర్షిక 28 పిక్సెళ్ళ సైజులో ఉంటే ఒక వరుసకు ఖాళీలతో కలిపి సుమారు 15 అక్షరాలు పడతాయి. మన శీర్షిక "అద్దె, ఇంటికి పంపేది పోగా" దగ్గర ఒక వరుస, "రోజు ఖర్చుకు మిగిలేదెంత?" దగ్గర ఇంకో వరుస. విరగాల్సిన చోటే విరుగుతోంది. "ఖర్చుపెట్టుకోవచ్చో" లాంటి పొడుగు మాట ఉంటే అది మొత్తంగా కింది వరుసలోకి దిగి, పై వరుస సగం ఖాళీగా మిగిలిపోతుంది.

ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లలో శీర్షికకు వరుసల మధ్య దూరం 1.1 లేదా 1.2 పెడతారు, అక్షరాలను కాస్త దగ్గరికి కూడా లాగుతారు. తెలుగుకు ఆ రెండూ చెరుపే. "ఖర్చు"లో చవత్తు, "అద్దె"లో దవత్తు కింది వరుస మీదికి వచ్చేస్తాయి, లేదా అడుగున కోసుకుపోతాయి. పేజీ చేసేవాళ్ళకు ఇంత చెబితే సరిపోతుంది:

```css
h1 {
  font-family: "Noto Sans Telugu", sans-serif;
  font-weight: 700;
  font-size: 28px;
  line-height: 1.5;
  letter-spacing: 0;
  word-break: normal;
}
```

ఫాంటు ఎంపికలో కూడా చూసుకోవాల్సింది ఉంది. మండలి, సూరన్న లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఒకే మందంలో దొరుకుతాయి. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేస్తుంది, అప్పుడు గుడిలోపలి ఖాళీలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగులో బోల్డ్ విడిగా ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు.

సరిచూడటం

రెండు శీర్షికలు పెట్టి సగంమందికి ఒకటి, సగంమందికి ఇంకోటి చూపించి ఏది గెలుస్తుందో చూద్దాం అని బృందంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. లెక్క చూడండి. పేజీకి వచ్చిన వందమందిలో నలుగురు యాప్ దించుకుంటున్నారు, కొత్త శీర్షికతో అది ఐదుగురికి పెరిగిందా అని నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో శీర్షికకు దాదాపు 7 వేలమంది చూడాలి. రోజుకు వందమంది వచ్చే కొత్త పేజీకి అది నాలుగున్నర నెలల పని. వారం రోజుల్లో ఒకటి 9, ఇంకోటి 14 డౌన్‌లోడ్లు తెచ్చిందని రెండోదాన్ని గెలిపించేస్తే అది నాణెం ఎగరేసినట్టే.

అంతమంది పేజీకి రావడం మొదలయ్యేదాకా మంచి దారి, మనుషులకు చూపించడం. మొదటి ఉద్యోగంలో ఏడాది లోపు ఉన్న ఆరేడుగురిని, యాప్ బృందానికి స్నేహితులు కానివాళ్ళను, రుషికొండలో ఆఫీసులు వదిలే వేళ ఒకచోట పట్టుకోవచ్చు. ఫోన్లో పేజీని ఐదు సెకన్లు చూపించి తీసేయాలి. "బాగుందా" అని అడగకూడదు, బాగుందనే అంటారు. "ఈ యాప్ ఏం చేస్తుంది?" అని అడగాలి. ముసాయిదా శీర్షిక చూపిస్తే "ఏదో ఇన్వెస్ట్‌మెంట్ అనుకుంటా" లాంటి జవాబులు వస్తాయి. "రోజుకు ఎంత ఖర్చు పెట్టొచ్చో చెబుతుంది" అని సొంత మాటల్లో చెప్పగలిగితే శీర్షిక పని చేసినట్టు. తర్వాత అడగాల్సింది "దించుకుంటే ముందు ఏం అడుగుతుందనుకుంటున్నావు?" అని. దానికి ఆధార్ అనో పాన్ అనో జవాబొస్తే కింది వాక్యం ఇంకా లోన్ యాప్ అనుమానాన్ని తీర్చలేదని అర్థం. అప్పుడు "అప్పులివ్వదు" అన్న మాటను చివరి నుంచి మొదటికి తెచ్చి, ఇంకో ఆరుగురికి చూపించాలి.